ఫలితాలు రాకముందే సర్టిఫికెట్ అడిగితే

"నమస్తే మేడమ్. నా డిగ్రీ చివరి సెమిస్టర్ పరీక్షలు మే 12న అయిపోయాయి. ఫలితాలు జూన్ నెలాఖరుకు వస్తాయని అంటున్నారు. ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో ఉద్యోగానికి రెండు ఇంటర్వ్యూలు దాటాను. జూలై 7న చేరాలట. నిన్న రిక్రూటర్ నుంచి మెయిల్ వచ్చింది, మే 23లోపు డిగ్రీ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయాలని. ఫలితాలు వచ్చేవరకు నా దరఖాస్తును పక్కన పెట్టి ఉంచమని అడగవచ్చా? అడిగితే ఉద్యోగం వేరేవాళ్లకు వెళ్లిపోతుందేమోనని భయంగా ఉంది. ఫారంలో 'పూర్తయింది' అని పెట్టేసి తర్వాత చూసుకోవచ్చని స్నేహితురాలు అంటోంది. ఏం చేయాలి?"
– ఒక పాఠకురాలు

అడగవచ్చు. గడువు దాకా ఆగకుండా ఒకటి రెండు రోజుల్లోనే అడగండి. అయితే మీ ప్రశ్నలో 'పక్కన పెట్టి ఉంచమని' అన్న మాట ఉంది చూడండి, దాన్ని మాత్రం రిక్రూటర్‌కు రాసే మెయిల్‌లోకి రానివ్వకండి. నేను చాలా ఏళ్లు నియామకాల విభాగంలో పనిచేశాను. పక్కన పెట్టమని అభ్యర్థులే అడిగి, ఆ తర్వాత ఎవరికీ గుర్తుకు రాకుండా పోయిన దరఖాస్తులు నా చేతుల మీదుగానే చాలా వెళ్లాయి. వాటిని ఎవరూ తిరస్కరించలేదు. వాళ్లడిగినట్టే పక్కన పెట్టాం, అంతే.

ఎందుకలా అవుతుందో చెబుతాను. రిక్రూటర్ ముందున్న తెర మీద ప్రతి ఖాళీకీ ఒక నంబరు ఉంటుంది, చేరవలసిన తేదీ ఉంటుంది, ఆ ఖాళీని నింపమని అడిగిన మేనేజర్ పేరు ఉంటుంది. ఆ నంబరు కింద అభ్యర్థులు వరుసగా దశలు దాటుతూ వస్తారు: ఇంటర్వ్యూ, పత్రాల పరిశీలన, ఆఫర్, చేరిక. రిక్రూటర్ పొద్దున రాగానే తెరిచేది ఈ రోజు ఎవరి పని ముందుకు జరపాలన్న జాబితాను. 'హోల్డ్' అని గుర్తుపెట్టిన దరఖాస్తు చాలాచోట్ల ఆ జాబితాలోకి రాదు. దానికి తేదీ కూడా లేకపోతే ఏ రోజు జాబితాలోనూ కనిపించదు. ఈలోగా మేనేజర్ ఫోన్ చేసి 'ఎంతమంది సిద్ధంగా ఉన్నారు?' అని అడుగుతాడు. హోల్డ్‌లో ఉన్నవాళ్లను ఆ లెక్కలో చెప్పలేం. లెక్క తగ్గింది కాబట్టి వరుసలో తర్వాతి వ్యక్తిని పిలుస్తాం. మీరు భయపడుతున్నట్టు ఉద్యోగం వేరేవాళ్లకు వెళ్లేది ఈ దారిలోనే. సమయం అడిగినందుకు ఎవరూ కోపగించుకోరు. మీరు వరుసలోంచి తప్పుకోవడం వల్ల మీ చోటు ఖాళీ అవుతుంది.

అందుకని మీరు అడగవలసింది వేరు. 'నా దరఖాస్తును ఆపకుండా తర్వాతి దశకు తీసుకువెళ్లండి, సర్టిఫికెట్‌ను మాత్రం ఫలానా తేదీకి ఇవ్వాలనే షరతు పెట్టండి' అని అడగాలి. దీన్ని షరతులతో కూడిన ఆఫర్ అంటారు. చివరి సంవత్సరం విద్యార్థులను తీసుకునే సంస్థలకు ఇది కొత్త విషయం కాదు. వాళ్ల దగ్గర దానికి తయారుగా ఉన్న లేఖ నమూనా కూడా ఉంటుంది. మీరు ఆ మాట ఎత్తితే రిక్రూటర్‌కు చేయవలసిన పని వెంటనే తెలుస్తుంది.

ఇంకొక సంగతి. ఆ మే 23 అన్న తేదీ మీ గురించి ఆలోచించి పెట్టింది కాకపోవచ్చు. ఇంటర్వ్యూ దాటిన వాళ్లందరికీ పత్రాల కోసం ఒకే మెయిల్ వెళ్తుంది, ఇన్ని రోజుల్లో పంపాలని గడువు కూడా దానంతటదే పడుతుంది. మీ ఫలితాలు రాలేదని ఆ రిక్రూటర్‌కు తెలియకపోయినా ఆశ్చర్యం లేదు. కాబట్టి ముందు మీ దరఖాస్తు తీసి, చదువు గురించి అందులో ఏం రాశారో చూసుకోండి. 'ఫలితాలు రావలసి ఉంది' అని అప్పుడే రాసి ఉంటే మీ మెయిల్‌లో ఆ మాట గుర్తుచేయండి. రాయకపోతే ఇప్పుడు స్పష్టంగా చెప్పండి.

మెయిల్ రాసేముందు తేల్చుకోవలసింది తేదీల సంగతి. 'జూన్ నెలాఖరు' అన్నది ఫలితాలు ప్రకటించే తేదీ. వాళ్లు అడుగుతున్నది సర్టిఫికెట్. ఈ రెండూ ఒకే రోజు రావు. ఫలితం ముందు తెర మీద కనిపిస్తుంది. ఆ రోజో మర్నాడో మార్కుల మెమో డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఉండవచ్చు. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కు విడిగా దరఖాస్తు చేసుకోవాలి, అది చేతికి రావడానికి మరికొన్ని రోజులో వారాలో పడుతుంది. అసలు పట్టా స్నాతకోత్సవం తర్వాతే, అంటే నెలల తర్వాత. నేను చూసిన చిక్కుల్లో చాలావరకు ఇక్కడే మొదలయ్యాయి. అభ్యర్థి ఫలితాల తేదీని మనసులో పెట్టుకుని 'జూన్ 30కి ఇస్తాను' అని రాస్తారు. ఆ రోజు ఫలితం వస్తుంది, కాగితం మాత్రం రాదు. మాట తప్పినట్టు అవుతుంది, తప్పు వాళ్లది కాకపోయినా.

మీ లెక్క వేసి చూడండి. ఫలితాలు జూన్ 30న వచ్చాయనుకుందాం. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కు రెండు వారాలు పడుతుందనుకుంటే జూలై 14. చేరవలసింది జూలై 7. అంటే అనుకున్నట్టే అన్నీ జరిగినా చేరే రోజున మీ చేతిలో ఉండేది మార్కుల మెమో మాత్రమే. ఈ విషయం ఇప్పుడే బయటపడటం మీకు మంచిది. మెమోతో చేర్చుకుంటారా, సర్టిఫికెట్‌కు చేరిన తర్వాత కొంత గడువు ఇస్తారా అన్న ప్రశ్న మే నెలలో అడిగితే మామూలు ప్రశ్న. అదే జూలై 6న అడిగితే అందరికీ తలనొప్పి.

కాబట్టి రేపు పొద్దున మీ పరీక్షల విభాగానికి వెళ్లండి. రెండు విషయాలు అడగండి. ఫలితాలు ఎప్పటికి వస్తాయని వాళ్ల అంచనా, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఎన్ని రోజులు పడుతుంది. తోటి విద్యార్థుల గ్రూపులో తిరిగే తేదీలను నమ్మి మెయిల్ రాయవద్దు. తర్వాత ఒక లేఖ అడగండి. అందులో మీ పేరు, హాల్ టికెట్ నంబరు, కోర్సు, చివరి సెమిస్టర్ పేపర్లన్నీ రాశారన్న మాట, ఫలితాలు ఏ నెలలో వెలువడవచ్చన్న మాట ఉండాలి. లెటర్‌హెడ్ మీద, సంతకంతో, ముద్రతో ఉండాలి. కోర్సు నిర్ధారణ పత్రం అడిగితే చాలామంది గుమస్తాలు 'ఈమె మా విద్యార్థిని' అని ఒక్క వాక్యం ఉన్న పాత నమూనా ఇచ్చేస్తారు. అది మీకు సరిపోదు. ఆ వాక్యం మీరు కోర్సులో చేరిన రోజున ఎంత నిజమో ఈ రోజూ అంతే నిజం. రిక్రూటర్‌కు తెలియవలసింది మీరు పరీక్షలన్నీ రాసేశారని, మిగిలింది ఫలితం ఒక్కటేనని. కావలసిన వాక్యాలు మీరే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లి, 'ఇలా ఇవ్వగలరా' అని అడగండి. పని త్వరగా అవుతుంది.

ఇక మెయిల్. దాన్ని ఎలా రాయాలో చెప్పేముందు, నాకు ఇప్పటికీ బాధ కలిగించే ఒక సంగతి చెప్పాలి. ఒక వేసవిలో పన్నెండు ఖాళీలకు అభ్యర్థులను ఎంపిక చేస్తున్నాను. చేరిక జూలై 1. ఇంటర్వ్యూలు దాటినవాళ్లలో ఇద్దరికి చివరి ఫలితాలు రాలేదు. ఇద్దరూ నాకు రాశారు. మొదటి అబ్బాయి మెయిల్‌లో ఎంతో మర్యాద ఉంది. ఈ ఉద్యోగం తనకు ఎంత అవసరమో రాశాడు, ఇంటి పరిస్థితి రాశాడు, 'దయచేసి నా ఫలితాలు వచ్చేవరకు కొద్ది రోజులు ఆగగలరు' అని ముగించాడు. అది చదివి నాకు జాలి కలిగింది. కానీ ఆ మెయిల్ పట్టుకుని నేను చేయగలిగింది ఏమీ లేదు. కొద్ది రోజులంటే ఎన్ని? అంతవరకు ఏ కాగితం చూపించాలి? నేను మళ్లీ అడిగితే 'త్వరలోనే వస్తాయి మేడమ్' అని జవాబిచ్చాడు.

రెండో అమ్మాయి ఎనిమిది వాక్యాలు రాసింది. ఏవేవి అప్‌లోడ్ చేసిందో, ఏది ఇవ్వలేకపోతున్నదో, అది ఏ తేదీకి వస్తుందో, అంతవరకు ఆధారంగా ఏం జతచేసిందో ఉన్నాయి. ఆ మెయిల్‌ను ఒక్క అక్షరం మార్చకుండా మేనేజర్‌కు పంపాను. ఆయన ఒకే ప్రశ్న అడిగాడు: 'ఫలితాలు జూలై 1 దాటితే?' దానికి జవాబు కూడా కింది వాక్యంలో ఉంది. ఆయన అక్కడి దాకా చదవలేదు, నేను చూపించాను. ఆ సాయంత్రమే ఆమెకు షరతులతో ఆఫర్ వెళ్లింది. ఆ అబ్బాయి ఫలితాలు జూన్ 28న వచ్చాయి, ఆమెకంటే ఎక్కువ మార్కులతో. అప్పటికి పన్నెండు చోట్లూ నిండిపోయాయి. ఏం రాయాలో అతనికి నేనే ఫోన్ చేసి చెప్పి ఉండవలసింది. ఆ పని చేయలేదు. మీకు ఇంత వివరంగా రాయడానికి అది కూడా ఒక కారణం.

దీన్నుంచి మీరు పట్టుకోవలసిన సంగతి ఏమిటంటే, మీ మెయిల్ మొదట చదివే వ్యక్తికి నిర్ణయించే అధికారం చాలాసార్లు ఉండదు. రిక్రూటర్ దాన్ని మేనేజర్‌కో, పత్రాలు పరిశీలించే విభాగానికో పంపాలి. అలా పంపినప్పుడు మీ గురించి ఏమీ తెలియని మనిషికి కూడా ఒక్క చదువులో అర్థం కావాలి. మళ్లీ మిమ్మల్ని అడగవలసిన ప్రశ్న ఒక్కటీ మిగలకూడదు. మీ విషయానికి సరిపోయేలా ఒక నమూనా రాశాను. మీ భాషలోకి, మీ తేదీల్లోకి మార్చుకోండి.

"విషయం: నా దరఖాస్తు నంబరు (ఇక్కడ నంబరు వేయండి) – డిగ్రీ సర్టిఫికెట్ సమర్పించే తేదీ

నమస్కారం. అకౌంట్స్ విభాగం ఉద్యోగానికి పత్రాలు పంపమని మీరు రాసిన మెయిల్ అందింది. గుర్తింపు పత్రాలు, మొదటి సెమిస్టర్ నుంచి ఇప్పటివరకు వచ్చిన మార్కుల మెమోలు ఈ రోజు అప్‌లోడ్ చేశాను. డిగ్రీ సర్టిఫికెట్ మాత్రం మే 23లోపు ఇవ్వలేను. చివరి సెమిస్టర్ పరీక్షలు మే 12న ముగిశాయి, ఫలితాలు ఇంకా రాలేదు.

జూన్ 30 నాటికి ఫలితాలు వెలువడతాయని మా పరీక్షల విభాగం అంచనా. వెలువడిన మర్నాటికల్లా మార్కుల మెమో పంపుతాను. ప్రొవిజనల్ సర్టిఫికెట్ జూలై 21లోపు ఇస్తాను. చివరి సెమిస్టర్ పేపర్లన్నీ రాశానని ధ్రువీకరిస్తూ పరీక్షల విభాగం ఇచ్చిన లేఖ జతచేశాను. గత సెమిస్టర్లలో బ్యాక్‌లాగులు లేవు.

ఈ పత్రాల ఆధారంగా, సర్టిఫికెట్ తర్వాత సమర్పించాలనే షరతుతో నా దరఖాస్తును తర్వాతి దశకు తీసుకువెళ్లే వీలుందా? జూలై 7న చేరడానికి సిద్ధంగా ఉన్నాను. ఫలితాలు ఆలస్యమయ్యే సూచన ఉంటే జూన్ 26నే మీకు తెలియజేస్తాను. అప్పుడు తర్వాతి చేరిక తేదీకి మార్చినా నాకు సమ్మతమే."

ఇందులో జూలై 21 ఎక్కడి నుంచి వచ్చిందో గమనించారా? లెక్క ప్రకారం జూలై 14. దానికి ఒక వారం కలిపాను. పరీక్షల విభాగం చెప్పిన తేదీని ఉన్నదున్నట్టుగా మీ మాటగా ఇవ్వకండి, దానికి కనీసం ఒక వారం జోడించండి. ముందుగా ఇస్తే ఎవరికీ ఇబ్బంది లేదు, ఆలస్యమైతే మాత్రం మళ్లీ అనుమతి తెచ్చుకోవాలి. మరీ ఎక్కువ జోడించినా చిక్కే. సెప్టెంబరు అని రాస్తే ఏదో దాస్తున్నారన్న అనుమానం వస్తుంది.

'బ్యాక్‌లాగులు లేవు' అన్న వాక్యం నిజమైతేనే ఉంచండి. ఫలితం రాని అభ్యర్థి గురించి మేనేజర్ మనసులో ఉండే అసలు సందేహం ఆలస్యం గురించి కాదు, తప్పుతారేమోనన్నది. గత సెమిస్టర్లన్నీ ఒక్కసారికే దాటినవాళ్లు చివరిదీ దాటుతారని ఆయన నమ్మగలడు. బ్యాక్‌లాగు ఉంటే దాన్ని దాచకండి. ఏ పేపరు, దాన్ని ఎప్పుడు రాశారు, దాని ఫలితం ఎప్పుడు వస్తుందో ఒక వాక్యంలో చెప్పండి. చివరి వాక్యం కూడా అంతే. వేరే తేదీకి చేరడం మీకు నిజంగా కుదురుతుందంటేనే రాయండి.

దరఖాస్తు నంబరు విషయం చిన్నదిగా కనిపిస్తుంది, కానీ నిర్లక్ష్యం చేయవద్దు. రిక్రూటర్లు మారిపోతుంటారు, సెలవు మీద వెళ్తుంటారు. వాళ్లు పంపిన మెయిల్‌కే జవాబుగా రాయండి, కొత్త మెయిల్ మొదలుపెట్టవద్దు. అప్పుడు తర్వాత వచ్చిన వ్యక్తికి కూడా జరిగిందంతా ఒకేచోట దొరుకుతుంది. ఫోన్‌లో మాట్లాడటం మీకు సులభమైతే ముందు ఫోనే చేయండి, అందులో తప్పులేదు. కానీ అవతలివాళ్లు 'ఏం పరవాలేదు, తర్వాత ఇవ్వండి' అన్నారని ఊరుకోకండి. ఆ గంటలోనే 'ఇప్పుడు మనం మాట్లాడుకున్న ప్రకారం' అంటూ మెయిల్ పంపండి. గడువు తేదీ దాటగానే అసంపూర్ణ దరఖాస్తులను మూసేసే ఏర్పాటు కంప్యూటర్‌లో ఉంటే, దానికి ఫోన్‌లో చెప్పిన మాట తెలియదు. ఆ గడువును రిక్రూటర్ చేత్తో మార్చాలి. అందుకే జవాబు వచ్చాక ఒకసారి మీ లాగిన్‌లోకి వెళ్లి, మే 23 అన్నది మారిందో లేదో చూడండి. మారకపోతే మర్యాదగా అడగండి. కొన్నిచోట్ల సర్టిఫికెట్ పెట్టవలసిన చోట ఏదో ఒక ఫైలు లేకపోతే ఫారం ముందుకు కదలదు. అక్కడ పరీక్షల విభాగం లేఖను పెట్టవచ్చా అని అడిగి, సరేనంటేనే పెట్టండి. ఫైలు పేరులో అది ఏ పత్రమో స్పష్టంగా రాయండి.

మీ స్నేహితురాలి సలహా దగ్గరికి వస్తాను. ఆమె మీ మంచి కోరే చెప్పి ఉంటుంది, కానీ ఆ పని చేయకండి. చేరే ముందో తర్వాతో పత్రాల పరిశీలన జరుగుతుంది. చాలా సంస్థలు ఆ పనిని బయటి ఏజెన్సీకి అప్పగిస్తాయి. వాళ్లు విద్యాసంస్థను నేరుగా అడిగి, కోర్సు పూర్తయిన తేదీని మీరు రాసిన తేదీతో పోల్చి చూస్తారు. మీరు మే నెలలో 'పూర్తయింది' అని రాసి, రికార్డుల్లో జూన్ 30 ఉంటే అది తేడాగా నమోదవుతుంది. ఫలితం రాకపోవడం ఒక స్థితి, దానికి గడువు ఇస్తారు. తప్పు సమాచారం ఇవ్వడం అలా కాదు. చేరిన తర్వాత బయటపడినా ఆ కారణం మీద తీసేయవచ్చని నియామక పత్రాల్లో మామూలుగానే రాసి ఉంటుంది. నెల రోజులు ఆగితే నిజమయ్యే మాట కోసం ఇంత ప్రమాదం నెత్తికెత్తుకోవద్దు.

ఫారంలో 'అవును', 'కాదు' అని రెండే గడులుంటే ఏం చేయాలన్నది న్యాయమైన ప్రశ్న. 'కాదు' అని నొక్కగానే దరఖాస్తును తిరస్కరించేలా అమర్చిన ఫారాలు ఉన్నాయి, 'అవును' అంటే అబద్ధం అవుతుంది. అప్పుడు ఏదీ నొక్కకుండా ఆగి, రిక్రూటర్‌ను రాతపూర్వకంగా అడగండి: 'నా ఫలితాలు రావలసి ఉంది, ఈ ప్రశ్న దగ్గర ఏది ఎంచుకోవాలి?' వాళ్లు ఏది చెబితే అది ఎంచుకుని, ఆ జవాబును భద్రంగా దాచుకోండి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే చూపించడానికి అది పనికొస్తుంది. రాసుకోవడానికి ఖాళీ గడి ఎక్కడైనా ఉంటే అందులో 'ఫలితాలు జూన్‌లో రావలసి ఉంది' అని రాయండి.

రిక్రూటర్ నుంచి వచ్చే జవాబును ఎలా చదవాలో కూడా చెప్పాలి, ఎందుకంటే మర్యాద మాటలను హామీగా తీసుకుని దెబ్బతిన్నవాళ్లు చాలామంది ఉన్నారు. జవాబులో తేదీ గానీ, నింపవలసిన కాగితం గానీ, తర్వాతి దశ పేరు గానీ ఉంటే మీ పని జరుగుతోందని అర్థం. 'జూలై 21 వరకు గడువు ఇచ్చాం, జతచేసిన హామీ పత్రం మీద సంతకం చేసి పంపండి' అన్నది అలాంటి జవాబు. 'మీ వివరాలు మా దగ్గర ఉంచుకుంటాం, అవకాశం ఉన్నప్పుడు సంప్రదిస్తాం' అన్నారంటే ఈ ఖాళీకి మీ పేరు లేదనే అనుకోండి. మధ్యరకం జవాబు ఒకటుంది: 'సరే, ఫలితాలు వచ్చాక పంపండి.' దీని అర్థం రెండు విధాలుగా ఉండవచ్చు. మీ చోటు ఉంచుతామని కావచ్చు, ఫలితాలు వచ్చేనాటికి ఖాళీ ఉంటే చూస్తామని కావచ్చు. దరఖాస్తు తెరిచి ఉంచడం వేరు, చోటు ఉంచడం వేరు. అందుకని ఒక్క ప్రశ్న తిరిగి రాయండి: 'ధన్యవాదాలు. అంతవరకు జూలై 7 చేరికకు నా పేరు జాబితాలో ఉంటుందా, లేక ఫలితాల తర్వాత మళ్లీ పరిశీలిస్తారా?' ఇలా అడగడంలో మొహమాటపడవలసింది ఏమీ లేదు. ఆఫర్ మీ చేతికి వచ్చేవరకు మాత్రం ఇతర సంస్థలకు దరఖాస్తు చేయడం ఆపకండి.

రెండు పనిదినాల వరకు జవాబు రాకపోతే అదే మెయిల్ కింద చిన్నగా గుర్తుచేయండి. గడువుకు ముందు రోజు కూడా జవాబు లేకపోతే ఫోన్ చేయండి. అంతకుమించి రోజూ రాయవలసిన అవసరం లేదు.

షరతులతో కూడిన ఆఫర్ వస్తే సంతోషంలో సంతకం చేసేయకుండా షరతు రాసిన భాగాన్ని రెండుసార్లు చదవండి. ఏ తేదీకి ఇవ్వాలన్నదొక్కటే అందులో ఉండదు. ఏ పత్రం కావాలో ఉంటుంది. మెమో చాలా, ప్రొవిజనల్ ఉండాలా, అసలు పట్టా అడుగుతున్నారా? అసలు పట్టాకు రెండు నెలల గడువు రాసి ఉంటే అది మీ చేతిలో లేని పని, సంతకానికి ముందే 'ప్రొవిజనల్ సర్టిఫికెట్' అని మార్పించుకోవాలి. కనీస మార్కుల శాతం ఉందేమో చూడండి. అది మొత్తం కోర్సుకా, చివరి సెమిస్టర్‌కా అన్నది కూడా. మీ దగ్గర ఇప్పటివరకు వచ్చిన మెమోలు ఉన్నాయి కాబట్టి చివరి సెమిస్టర్‌లో ఎన్ని వస్తే ఆ శాతం దాటుతారో ఇప్పుడే లెక్క వేసుకోవచ్చు. అంచు మీద ఉన్నారని తేలితే, మరీ దగ్గరగా తప్పితే ఏం చేస్తారని ముందే అడగడం మంచిది.

డిగ్రీ కాకుండా వృత్తిపరమైన సర్టిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకు ఒకటి రెండు మాటలు. కంప్యూటర్ మీద రాసే పరీక్షల్లో కొన్నింటికి పూర్తికాగానే తాత్కాలిక ఫలితం కనిపిస్తుంది, అధికారిక నివేదిక తర్వాత వస్తుంది. పరీక్షా కేంద్రం ఇచ్చే తాత్కాలిక ఫలితం కాగితాన్ని జతచేయండి. సీఎఫ్ఏ లాంటి పరీక్షల్లో అలా కాదు, ఫలితానికి వారాల తరబడి ఆగాలి. అక్కడ పరీక్ష రాసినట్టు రుజువు, ఫలితాలు వెలువడే తేదీ గురించి నిర్వాహకులు పంపిన సమాచారం ఇవ్వాలి. ఇంకా పరీక్షే రాయకపోతే 'సిద్ధమవుతున్నాను' అన్న మాటకు విలువ ఉండదు. తేదీ బుక్ చేసుకుని ఆ రసీదు పంపండి. లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ లేకుండా చేయడం చట్టం ఒప్పని పనులు కొన్ని ఉన్నాయి, వైద్యం, నర్సింగ్ వంటివి. అక్కడ ఆ కాగితం లేకుండా పనిలోకి తీసుకునే వీలు రిక్రూటర్‌కు గానీ మేనేజర్‌కు గానీ ఉండదు. అలాంటప్పుడు గడువు అడగడం కంటే చేరే తేదీనే మార్చమని అడగడం సరైనది.

మళ్లీ మీ విషయానికి. మాట ఇచ్చిన జూన్ 26 వచ్చేసరికి పరీక్షల విభాగాన్ని ఇంకోసారి అడగండి. ఆలస్యమయ్యేలా ఉంటే ఆ రోజే రిక్రూటర్‌కు కొత్త తేదీ రాయండి, వాయిదా ప్రకటన వచ్చి ఉంటే దాన్ని జతచేయండి. గడువుకు ముందు వచ్చిన ఆలస్యం కబురును మేనేజర్లు అర్థం చేసుకుంటారు. గడువు దాటాక వస్తే, అది ఎంత నిజమైన కారణమైనా సాకులాగే వినిపిస్తుంది. ఒకవేళ ఏదైనా పేపరు పోతే, లేదా శాతం తగ్గితే, ఆ రోజు మనసు బాగుండదని నాకు తెలుసు. అయినా మర్నాటికల్లా చెప్పండి. 'ఈ పేపరులో ఉత్తీర్ణత రాలేదు, సప్లిమెంటరీ ఫలానా నెలలో ఉంది, అంతవరకు ఆఫర్ కొనసాగించే వీలుందా, లేకపోతే తర్వాతి నియామకానికి నన్ను పరిశీలిస్తారా?' ఎక్కువసార్లు వీలుకాదనే అంటారు. కానీ తానే ముందుగా చెప్పిన అభ్యర్థి పేరును నేను రాసిపెట్టుకున్న సందర్భాలున్నాయి, తర్వాతి విడతలో పిలిచిన సందర్భాలూ ఉన్నాయి.

ఫలితం బాగా వచ్చిన రోజున చేయవలసింది కొంచెమే. మెమో డౌన్‌లోడ్ చేసి, మీ పేరు అక్షరాలు గుర్తింపు పత్రంలో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే సవరణకు అప్పుడే దరఖాస్తు పెట్టండి, ఆ తేడా పరిశీలనలో తప్పకుండా బయటపడుతుంది. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కు కూడా ఆ రోజే రుసుము కట్టి రసీదు తీసుకోండి. తర్వాత అదే పాత మెయిల్ కింద, అదే దరఖాస్తు నంబరుతో, మెమోనూ రసీదునూ జతచేసి రిక్రూటర్‌కు పంపండి.